రెండు కాలమ్‌లు, ఒక వాలు: షేరు బీటా లెక్క

షేరు ధర మార్కెట్లో పుడుతుంది. కొనేవాళ్లు, అమ్మేవాళ్లు ఒక అంకె దగ్గర కలిస్తే అదే ధర. బీటా అలా పుట్టదు. అది ఎక్స్ఛేంజిలో ట్రేడ్ అవదు, కంపెనీ ఖాతా పుస్తకాల్లోనూ కనిపించదు. పాత ధరలు ముందేసుకుని ఎవరో ఒకరు దాన్ని లెక్క కట్టాలి. ఒకే షేరుకు ఒక వెబ్‌సైట్‌లో ఒక బీటా, మరో దాంట్లో ఇంకో బీటా ఉండేది అందుకే. రెండూ సరైనవే కావచ్చు. కాకపోతే లెక్క కట్టినవాళ్లు ఎంచుకున్న సూచీ, కాలం వేరై ఉంటాయి. ఒక్కోసారి మాత్రం ఫార్ములాలోనే పొరపాటు దాగి ఉంటుంది. ఆ రెంటికీ తేడా తెలియాలంటే ఒక్కసారైనా స్ప్రెడ్‌షీట్ తెరిచి సొంతంగా లెక్క వేసి చూడాలి.

మార్కెట్ ఒక శాతం కదిలిన కాలంలో ఈ షేరు సగటున ఎన్ని శాతాలు కదిలింది? ఈ ప్రశ్నకు జవాబే బీటా. 1 వస్తే షేరు మార్కెట్‌తో సమానంగా ఊగింది. 1.5 వస్తే ఒకటిన్నర రెట్లు ఊగింది. 0.6 వస్తే ఆ ఊపులో సగానికి కాస్త పైగానే అందుకుంది. షేరు రాబడిని ఒకే ఒక సూచీతో ముడిపెట్టి చూసే నమూనాను అమెరికన్ ఆర్థికవేత్త విలియం షార్ప్ 1963లో వివరంగా చర్చించారు. మరుసటి ఏడాది దాని మీదే పెట్టుబడి ఆస్తుల ధరల సిద్ధాంతాన్ని నిలబెట్టారు. ఆ కృషికి 1990లో ఆయనకు నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. ఇవాళ మ్యూచువల్ ఫండ్ల నెలవారీ పత్రాల్లో అచ్చయ్యే బీటా ఆ వంశంలోదే.

ఉదాహరణకు 2023 మొదటి ఆరు నెలలు తీసుకుందాం. సూచీ వైపు నిఫ్టీ 50 నెలాఖరు ముగింపులు నిజమైనవే. షేరు వైపు మాత్రం లెక్క తేలిగ్గా అర్థం కావడానికి అల్లుకున్న ధరలు. ఏ కంపెనీవీ కావు.

```
   A        B          C        D         E
1  నెల      నిఫ్టీ       షేరు      నిఫ్టీ %    షేరు %
2  డిసెం    18105.30   400.00
3  జన      17662.15   384.00   -2.45     -4.0
4  ఫిబ్ర     17303.95   378.24   -2.03     -1.5
5  మార్చి    17359.75   385.80    0.32      2.0
6  ఏప్రి     18065.00   405.09    4.06      5.0
7  మే       18534.40   409.15    2.60      1.0
8  జూన్     19189.05   435.74    3.53      6.5
```

ఏడు ధరల నుంచి ఆరు రాబడులు వచ్చాయి. ఈ నెల ధరను కిందటి నెల ధరతో భాగించి ఒకటి తీసేస్తే రాబడి. అంటే D3 గడిలో `=(B3/B2-1)*100`, E3 గడిలో `=(C3/C2-1)*100` రాసి కిందికి లాగితే చాలు. ఈ మెట్టు దాటేసి నేరుగా ధరల కాలమ్‌లనే ఫంక్షన్‌కు ఇచ్చేవాళ్లు ఉంటారు. పై ధరలతో అలా చేస్తే 0.0285 వస్తుంది. నిఫ్టీ ఒక పాయింటు పెరిగిన చోట షేరు సుమారు మూడు పైసలు పెరిగిందని దాని అర్థం. అది బీటా కాదు. షేరు ధర నాలుగు వందల్లో, సూచీ పద్దెనిమిది వేలల్లో ఉన్నందువల్ల వచ్చిన అంకె అది. అంతేకాదు, ఏ సంబంధమూ లేని రెండు షేర్లయినా ఏడాది పొడవునా పెరుగుతూ పోతే వాటి ధరలు కలిసి నడిచినట్టే కనిపిస్తాయి. నెలనెలా వచ్చే మార్పులను పక్కపక్కన పెడితే ఆ భ్రమ చాలావరకు తొలగిపోతుంది.

ఇక అసలు లెక్క ఒక్క వరుసే.

```
=SLOPE(E3:E8, D3:D8)
```

జవాబు 1.26. గ్రాఫు కాగితం మీద అడ్డంగా నిఫ్టీ రాబడి, నిలువుగా షేరు రాబడి వేసి ఆరు చుక్కలు పెట్టి, వాటి మధ్య నుంచి అన్నిటికీ వీలైనంత దగ్గరగా పోయే గీత గీస్తే ఆ గీత వాలు ఇదే. నిఫ్టీ ఒక శాతం పెరిగిన చోట గీత 1.26 శాతం పైకి ఎక్కుతుంది.

ఈ 1.26 ఎలా వచ్చిందో చేత్తో చూస్తేనే కోవేరియన్స్ పని తెలుస్తుంది. నిఫ్టీ ఆరు నెలల రాబడుల సగటు సుమారు 1 శాతం, షేరుది 1.5 శాతం. జనవరిలో నిఫ్టీ తన సగటు కంటే 3.455 కిందకు పోయింది, షేరు తన సగటు కంటే 5.5 కిందకు పోయింది. రెండు తేడాలనూ గుణిస్తే 19 వస్తుంది. ఇద్దరూ ఒకే దిక్కున జరిగారు కాబట్టి లబ్ధం ధనాత్మకం. మే నెల చూడండి: నిఫ్టీ తన సగటు కంటే పైన, షేరు తన సగటు కంటే కింద. ఆ లబ్ధం మైనస్ 0.8. ఆరు నెలల లబ్ధాలనూ కూడితే 50.285. ఇప్పుడు నిఫ్టీ తేడాలను వాటితోనే గుణించి, అంటే వర్గం చేసి కూడితే 39.870. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 1.26. ఇద్దరూ కలిసి ఎంత కదిలారన్నది పైన, సూచీ ఒక్కటే ఎంత కదిలిందన్నది కింద.

పై మొత్తాన్ని వరుసల సంఖ్యతో సరిచేస్తే దాని పేరు కోవేరియన్స్, కింది మొత్తాన్ని అలాగే సరిచేస్తే వేరియన్స్. కాబట్టి ఇలా రాసినా అదే జవాబు రావాలి.

```
=COVARIANCE.S(E3:E8, D3:D8) / VAR.S(D3:D8)
```

వస్తుంది కూడా. పైన 10.057, కింద 7.974, భాగిస్తే 1.26. ఇక్కడ రెండింటి చివరా ఉన్న `.S` మీద కన్నేసి ఉంచాలి. ఉన్న ఆరు నెలలను ఒక పెద్ద చరిత్రలోంచి తీసిన నమూనాగా చూసి, ఆరుతో కాకుండా అయిదుతో భాగించమని అది చెబుతుంది. `.P` ఉంటే ఉన్నదే మొత్తం అనుకుని ఆరుతో భాగిస్తుంది. పైనా కిందా ఒకే అక్షరం ఉంటే భాజకాలు కొట్టుకుపోతాయి, ఏది వాడినా 1.26 వస్తుంది. పైన ఒకటి, కింద మరొకటి పడితే అవి కొట్టుకుపోవు.

ఈ తప్పు దొర్లడానికి ఎక్సెల్ చరిత్రే ఒక కారణం. `COVARIANCE.S`, `COVARIANCE.P` అన్న విడివిడి ఫంక్షన్లు 2010 వెర్షన్‌తో వచ్చాయి. అంతకుముందు ఉన్నది `COVAR` ఒక్కటే, అది మొత్తం వరుసల సంఖ్యతో భాగిస్తుంది. పాత `VAR` మాత్రం ఒకటి తగ్గించి భాగిస్తుంది. పేర్లు జంటలా కనిపిస్తాయి, లోపలి లెక్కలు జంట కావు. పాత షీటుల్లో `=COVAR(...)/VAR(...)` అని రాసుకున్నవాళ్లకు మన ఉదాహరణలో 1.26కు బదులు 1.05 వస్తుంది. మార్కెట్ కంటే పావువంతు ఎక్కువ ఊగే షేరు మార్కెట్‌తో సమానంగా నడిచేదానిలా కనిపిస్తుందన్నమాట. పైథాన్ వాడేవాళ్లకు ఇదే తప్పు తిరగబడి ఎదురవుతుంది. `np.cov` ఏమీ చెప్పకపోతే ఒకటి తగ్గించి భాగిస్తుంది, `np.var` తగ్గించకుండా భాగిస్తుంది. రెండూ కలిపితే అవే ఆరు నెలలకు 1.51 వస్తుంది.

వరుసలు పెరిగేకొద్దీ ఈ తేడా చిక్కిపోతుంది. అరవై నెలల లెక్కలో అది రెండు శాతం లోపే. అప్పుడు తప్పు కంటికి ఆనదు, షీటులో ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. అందుకే SLOPEతో ఒక గడిలో, కోవేరియన్స్‌తో పక్క గడిలో లెక్క కట్టి రెండూ చివరి దశాంశం దాకా కలుస్తున్నాయో లేదో చూడటం మంచి అలవాటు. కలవకపోతే మొదట `.S`, `.P` చూడాలి. అవి సరిగానే ఉంటే షేరు కాలమ్‌లో ఖాళీ గడి ఉందేమో వెతకాలి. జంటలో ఒకటి ఖాళీ అయితే కోవేరియన్స్ ఆ నెలను వదిలేస్తుంది. సూచీని మాత్రమే చూసే వేరియన్స్ ఆ నెలను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఖాళీని సున్నాతో నింపడం ఇంకా చెడ్డది. ట్రేడింగ్ జరగని నెలలో ఈ షేరు రాబడి కచ్చితంగా సున్నా అని షీటుకు అబద్ధం చెప్పినట్టవుతుంది.

కాలమ్‌ల వరస కూడా ముఖ్యమే. SLOPEలో మొదట రాసేది షేరు, తరవాత రాసేది సూచీ. ఇది మరిచి `=SLOPE(D3:D8, E3:E8)` అని రాస్తే 0.65 వస్తుంది. షేరు ఒక శాతం కదిలినప్పుడు నిఫ్టీ ఎంత కదిలిందని ఎవరూ అడగని ప్రశ్నకు అది జవాబు. షీటు ఏ హెచ్చరికా ఇవ్వదు, 0.65 చూడ్డానికి నమ్మదగ్గ బీటాలాగే ఉంటుంది. కోవేరియన్స్‌లో వరస మారినా ఫలితం మారదు, ఎవరిని ఎవరితో గుణించినా లబ్ధం ఒకటే కదా. కాబట్టి భాజకంలో VAR.Sకు సూచీ కాలమ్ ఇచ్చినంతవరకు రెండో ఫార్ములా ఈ తప్పును పట్టిస్తుంది.

వీటన్నిటికంటే పెద్ద ప్రమాదాలు ఫార్ములాలో ఉండవు, ధరల్లోనే వస్తాయి. హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2024 అక్టోబరులో అయిదు రూపాయల ముఖ విలువున్న షేరును రూపాయి షేర్లుగా అయిదు ముక్కలు చేసింది. ఒక్క షేరున్న వాటాదారుకు అయిదు షేర్లు వచ్చాయి, ఒక్కో షేరు ధర అయిదో వంతుకు దిగింది. ఎవరూ నష్టపోలేదు. కానీ సవరించని పాత ధరలు, విభజన తరవాతి ధరలు ఒకే కాలమ్‌లో పేరిస్తే ఆ ఒక్క నెల రాబడి మైనస్ 80 శాతం దగ్గర కనిపిస్తుంది. మన ఊహా షేరుకే మే నెలలో అలాంటి విభజన జరిగిందనుకుందాం. ప్లస్ 1 శాతం ఉన్న చోట మైనస్ 79.8 పడుతుంది. SLOPE జవాబు 1.26 నుంచి మైనస్ 1.97కు మారిపోతుంది. మార్కెట్ ఒక శాతం పెరిగితే ఈ షేరు రెండు శాతం పడుతుందని షీటు చెబుతోందన్నమాట! ఆరింటిలో ఒక్క గడి చేసిన పని ఇది. బోనస్ షేర్లు ఇచ్చినప్పుడూ ఇదే జరుగుతుంది. రాబడుల కాలమ్ కింద `=MIN(E3:E8)`, `=MAX(E3:E8)` రాసి చూస్తే ఇలాంటి గడి వెంటనే బయటపడుతుంది. అప్పుడు విభజనలకు, బోనస్‌లకు సవరించిన ధరలు తెచ్చుకుని మళ్లీ మొదలుపెట్టాలి.

అయితే కాలమ్‌లో కనిపించే ప్రతి పెద్ద అంకె తప్పు కాదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు ఖాతాలు తారుమారు చేశామని ఒప్పుకుంటూ లేఖ రాశారు. ఆ ఒక్క రోజే షేరు 78 శాతం దాకా కూలింది. అదే రోజు సెన్సెక్స్ కూడా ఏడు శాతానికి పైగా పడింది. ఇది నిజంగా జరిగిన పతనం, వాటాదారుల డబ్బు నిజంగానే పోయింది. కానీ రోజువారీ రాబడులతో సత్యం బీటా కడితే ఆ రోజు చుక్క ఒక్కటే గీతను తన వైపు గుంజేస్తుంది. సూచీ ఏడు పడితే షేరు డెబ్బై ఎనిమిది పడింది, అంటే పదింతలు మించి. సత్యం పడటానికి కారణం మార్కెట్ పడటం కాదు, ఒక లేఖ. కారణం ఏదన్నది SLOPE అడగదు, దానికి జతలే కావాలి. ఇలాంటి చోట ఆ రోజుతో ఒకసారి, ఆ రోజు లేకుండా ఒకసారి లెక్క కట్టి, రెండు అంకెలనూ కారణంతో సహా చెప్పడమే నిజాయతీ. నచ్చని చుక్కను ఎవరికీ చెప్పకుండా తీసేయడం ఎంత తప్పో, దాన్ని ఉంచి వచ్చిన బీటాను మామూలు బీటాలా చూపించడమూ అంతే తప్పు.

తేదీలు ఒక వరుస పక్కకు జరగడం మరో మామూలు తప్పు. ఒక ఫైలులో కొత్త తేదీలు పైన, ఇంకోదాంట్లో పాతవి పైన ఉంటాయి. లేదా షేరు ఒక రోజు ట్రేడ్ కాక ఆ రోజు వరుసే ఉండదు, దాని కిందివన్నీ పైకి జరుగుతాయి. మన పట్టికలో జనవరి నిఫ్టీకి ఎదురుగా ఫిబ్రవరి షేరు పడేలా ఒక వరుస జరిపి మిగిలిన అయిదు జతలతో లెక్కిస్తే బీటా 0.49కి పడిపోతుంది. మార్కెట్‌తో బలంగా ముడిపడ్డ షేరు హఠాత్తుగా బాగా తక్కువ బీటా చూపిస్తే ముందుగా తేదీలనే అనుమానించాలి. ధరలను కంటితో చూసి పక్కపక్కన అతికించకుండా, తేదీని తాళంగా పెట్టుకుని VLOOKUPతో తెచ్చుకుంటే ఈ బాధ ఉండదు.

ఇంతా చేసి, తప్పులేవీ లేవని తేలాక 1.26ను ఎంత నమ్మొచ్చు? ఈ ప్రశ్నకు SLOPE జవాబివ్వదు. దాని అన్న లాంటి ఫంక్షన్ LINEST ఇస్తుంది.

```
=INDEX(LINEST(E3:E8, D3:D8, TRUE, TRUE), 2, 1)
```

ఇది వాలు తాలూకు ప్రామాణిక దోషం. మన ఆరు నెలలకు 0.29 వస్తుంది. ఇంత తక్కువ వరుసలున్నప్పుడు 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే దాన్ని సుమారు 2.78తో గుణించి బీటాకు ఇటూ అటూ పరచాలి. అంటే అసలు బీటా 0.45 నుంచి 2.07 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. మార్కెట్ కంటే నెమ్మదైన షేరో, రెండింతలు దూకే షేరో ఈ ఆరు నెలలు చెప్పలేవు. పైగా ఈ ఉదాహరణలో చుక్కలు గీతకు బాగా దగ్గరగా ఉన్నాయి. `=RSQ(E3:E8, D3:D8)` రాస్తే 0.82 వస్తుంది, అంటే షేరు కదలికల్లో 82 శాతాన్ని నిఫ్టీయే వివరించింది. నిజమైన విడి షేర్లకు అంత పొందిక అరుదు. వాటికి దోషం ఇంకా పెద్దదే ఉంటుంది.

వరుసలు పెంచితే దోషం తగ్గుతుంది. ఇలాంటి చుక్కలే ఆరుకు బదులు అరవై ఉంటే 0.29 కాస్తా 0.09 దగ్గరికి వస్తుంది. అయిదేళ్ల నెలవారీ రాబడులు వాడే అలవాటు అందుకే వచ్చింది. రెండేళ్ల వారపు రాబడులు వాడేవాళ్లూ ఉన్నారు, అక్కడ వందకు పైగా వరుసలు దొరుకుతాయి. మరి రోజువారీ తీసుకుంటే ఇంకా ఎక్కువ దొరుకుతాయి కదా అనిపించవచ్చు. రోజంతా చేతులు మారే పెద్ద షేర్లకు అది బాగానే పనిచేస్తుంది. రోజుకు కొద్ది లావాదేవీలే జరిగే చిన్న కంపెనీకి మాత్రం పనికిరాదు. సూచీ ఈ రోజు పడితే ఆ షేరులో అమ్మకం రేపో ఎల్లుండో జరుగుతుంది. షీటులో జత కుదరదు, బీటా ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. నిదానంగా స్పందించే షేరు భద్రమైన షేరులా మెరుస్తుంది. అదే షేరుకు వారపు రాబడులతో, నెలవారీ రాబడులతో లెక్కించినప్పుడు బీటా మెట్టు మెట్టుగా పెరుగుతుంటే జబ్బు ఇదేనని గట్టిగా అనుమానించొచ్చు.

అయిదేళ్ల కిటికీకీ ఒక చిక్కుంది. కరోనా భయంతో 2020 మార్చిలో నిఫ్టీ 23 శాతానికి పైగా పడింది, ఏప్రిల్‌లో 14 శాతానికి పైగా లేచింది. వాలు లెక్కలో సూచీ తేడాల వర్గాలు కూడతామని పైన చూశాం. నాలుగు శాతం కదిలిన మామూలు నెల ఆ మొత్తానికి సుమారు 16 చేరిస్తే, 2020 మార్చి ఒక్కటే అయిదు వందలకు పైగా చేరుస్తుంది. ముప్ఫై మామూలు నెలల బరువు ఆ ఒక్క నెలకు ఉందన్నమాట. 2025 ఫిబ్రవరితో ముగిసే అరవై నెలల లెక్కలో ఆ మార్చి ఉంది. మరుసటి నెల లెక్కలో అది లేదు, ఆపై నెలకు ఏప్రిల్ కూడా జారిపోయింది. ఆ మధ్యలో ఒక షేరు బీటా 1.3 నుంచి 1.0కి దిగినా, దానికి కంపెనీలో ఏ మార్పూ అక్కర్లేదు. కిటికీ జరగడమే చాలు.

అమెరికన్ పరిశోధకుడు మార్షల్ బ్లూమ్ 1971లో ఇంకో ధోరణిని చూపించారు. ఒక కాలంలో చాలా ఎక్కువగానో, చాలా తక్కువగానో వచ్చిన బీటాలు తరవాతి కాలంలో 1 వైపు జరుగుతాయి. దీన్ని బట్టి చాలామంది విశ్లేషకులు లెక్కలో వచ్చిన బీటాకు మూడింట రెండు వంతులు, 1కి మూడింట ఒక వంతు బరువిచ్చి కలుపుతారు. మన 1.26 అలా సవరిస్తే 1.17 అవుతుంది. వెబ్‌సైట్లలో కనిపించే బీటాల్లో కొన్ని ఇలా సవరించినవి, కొన్ని సవరించనివి.

ఇవన్నీ కలిసే ఒక బీటా అంకె తయారవుతుంది కాబట్టి, దాన్ని షీటులో ఒంటరిగా వదలకూడదు. మన ఉదాహరణకైతే పక్క గడిలో ఇంత రాసి పెట్టుకుంటే సరిపోతుంది: నిఫ్టీ 50తో పోల్చినది, 2023 జనవరి నుంచి జూన్ వరకు నెలవారీ రాబడులు, 6 వరుసలు, ధరలు విభజనలకు సవరించినవి, సవరించని బీటా 1.26, ప్రామాణిక దోషం 0.29. ఈ ఒక్క వాక్యం ఉంటే, రేపు ఇంకెవరో 0.9 అని చెప్పినప్పుడు ఎక్కడ తేడా వచ్చిందో అయిదు నిమిషాల్లో తేల్చుకోవచ్చు.